బోరుబావుల నీటి డెండ్రోగ్రామ్‌ను చదవడం, దాన్ని ఎక్కడ కోయాలో తేల్చుకోవడం

నల్లగొండ జిల్లాలో భూగర్భ జలాల మీద ప్రాజెక్టు చేసే విద్యార్థులు సాధారణంగా పదుల సంఖ్యలో బోర్ల నుంచి నమూనాలు తెచ్చి, వాటి పరీక్ష ఫలితాలను కంప్యూటర్‌లో R అనే ప్రోగ్రాంలోకి ఎక్కించి, హైరార్కికల్ క్లస్టరింగ్ అనే పద్ధతితో ఒక చెట్టు బొమ్మను గీయిస్తారు. ఆ బొమ్మనే డెండ్రోగ్రామ్ అంటారు. బొమ్మ రావడానికి రెండు మూడు ఆదేశాలు చాలు. అయితే ఏ నీరు ఏ నీటితో ఎంత దగ్గరగా ఉందో ఆ బొమ్మ నుంచి సరిగ్గా చదవడం, చెట్టును ఏ ఎత్తులో కోసి ఎన్ని గుంపులు చేయాలో నిర్ణయించడం పూర్తిగా మీ బాధ్యత, ఎందుకంటే ప్రోగ్రాం చెట్టును మాత్రమే ఇస్తుంది, గుంపుల సంఖ్యను ఇవ్వదు. ఆ రెండు పనులను ఎలా చేయాలో ఎనిమిది బోర్ల చిన్న ఉదాహరణతో ఇక్కడ వివరిస్తాను. ఇందులోని అంకెలు నేర్చుకోవడానికి నేను కల్పించినవే తప్ప ఏ ఊరి కొలతలూ కావు. చిన్నవి కాబట్టి ప్రతి లెక్కనూ మీరు చేత్తో సరిచూసుకోవచ్చు.

ముందుగా బోర్ల సంగతి తెలుసుకోండి. 1, 2, 3 సంఖ్యల బోర్లు చెరువు కట్ట కింద ఉన్నాయి. 4, 5 చెలకల్లో లోతుగా వేసినవి. 6, 7 ఊరి నడుమ మురుగు కాలువకు, పశువుల కొట్టాలకు దగ్గరగా ఉన్న చేతిపంపులు. 8 కూడా చెలకలోదే, కానీ మిగిలిన వాటికి దూరంగా ఉంది. ప్రతి నమూనాకు ఫ్లోరైడ్, నైట్రేట్ అనే రెండు కొలతలే తీసుకున్నాం. లీటరుకు మిల్లీగ్రాముల లెక్కన అవి ఇవి.

```r
neeru <- data.frame(
  fl  = c(0.8, 1.0, 1.1, 3.2, 3.6, 1.6, 1.9, 6.0),
  no3 = c(15, 21, 12, 18, 24, 81, 90, 27))
```

ఈ రెండింటినే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఫ్లోరైడ్ కింది నుంచి వస్తుంది. గ్రానైట్ రాతిలోని ఖనిజాలు నీటిలో నెమ్మదిగా కరగడం వల్ల, నీరు రాతి పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచి కాల్షియం తక్కువగా ఉన్న చోట అది పెరుగుతుంది. నైట్రేట్ పైనుంచి వస్తుంది. మురుగు, పెంటకుప్పలు, పొలాల్లో చల్లే యూరియా దానికి మూలాలు. కాబట్టి గుంపులు సరిగ్గా ఏర్పడితే వాటి వెనక ఒక కారణం కనిపించాలి. ఈ ఆశింపును మనసులో ఉంచుకోండి, చెట్టును కోసేటప్పుడు ఇదే పనికి వస్తుంది.

మొదటి పని కొలతలను ఒకే మెట్టుకు తేవడం. పై పట్టికలో నైట్రేట్ 12 నుంచి 90 దాకా మారుతుంటే ఫ్లోరైడ్ 0.8 నుంచి 6.0 దాకానే మారుతోంది. వాటిని అలాగే వదిలేసి దూరాలు లెక్కిస్తే నైట్రేట్ తేడాలే మొత్తాన్ని శాసిస్తాయి. ఉదాహరణకు 2, 4 బోర్ల మధ్య నైట్రేట్ తేడా 3, ఫ్లోరైడ్ తేడా 2.2 కాబట్టి, ఆ తేడాల వర్గాలను కూడి వర్గమూలం తీస్తే వాటి దూరం 3.72 వస్తుంది, చెట్టులో రెండో జోడీగా కలిసేవి అవే అవుతాయి. ఒకటి ఫ్లోరైడ్ 1.0 ఉన్న చెరువు కింది బోరు, రెండోది 3.2 ఉన్న చెలక బోరు. నీరు తాగే మనిషికి వాటి మధ్య ఎంత వ్యత్యాసం ఉందో నల్లగొండ వాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. అందుకే ప్రతి కొలత నుంచి దాని సగటును తీసివేసి, ప్రామాణిక విచలనంతో భాగించాలి. ఇక్కడ ఫ్లోరైడ్ సగటు 2.4, విచలనం సుమారు 1.78. నైట్రేట్ సగటు 36, విచలనం సుమారు 31. ఈ పనిని `scale` అనే ఆదేశం చేస్తుంది.

```r
d <- dist(scale(neeru))
h <- hclust(d, method = "average")
plot(h, hang = -1)
round(h$height, 2)
```

ఇందులో `average` అన్నది గుంపుల మధ్య దూరాన్ని ఎలా కొలవాలో చెప్పే నియమం. ఒక గుంపులోని ప్రతి బోరుకూ రెండో గుంపులోని ప్రతి బోరుకూ మధ్య ఉన్న దూరాల సగటే ఆ రెండు గుంపుల దూరం అని దీని అర్థం. `hang = -1` అని రాయడం వల్ల బోర్ల సంఖ్యలన్నీ అడుగున ఒకే గీత మీద నిలుస్తాయి. అలా రాయకపోతే కొమ్మల చివరలు వేర్వేరు ఎత్తుల్లో వేలాడుతూ, ఆ వేలాడే పొడవుకు ఏదో అర్థం ఉందని చూసేవారిని తప్పుదారి పట్టిస్తాయి.

చివరి ఆదేశం ఇచ్చే వరుస ఇది: 0.19, 0.26, 0.30, 0.34, 1.39, 2.29, 2.52. ఎనిమిది బోర్లు ఒక్కటి కావడానికి ఏడు కలయికలు కావాలి, వాటి ఎత్తులే ఈ ఏడు అంకెలు. బొమ్మలో ప్రతి అడ్డగీత ఒక కలయిక. నిలువు కొలబద్ద మీద ఆ గీత ఎంత ఎత్తులో ఉందో అదే ఆ కలయిక ఎత్తు. చెట్టును కింది నుంచి పైకి చదవండి. మొదట 1, 3 బోర్లు 0.19 దగ్గర కలిశాయి. 0.26 దగ్గర 2 వాటితో చేరింది. ఆ తరువాత 4, 5 ఒకటిగా, 6, 7 ఒకటిగా కలిశాయి. అక్కడి నుంచి చాలా ఖాళీ తరువాత, 1.39 దగ్గర చెరువు కింది మూడు బోర్ల గుంపు చెలకల్లోని 4, 5 గుంపుతో కలిసింది. 2.29 దగ్గర చేతిపంపుల జంట, చిట్టచివరగా 2.52 దగ్గర 8వ బోరు వచ్చి చేరాయి. ఈ ఎత్తులు మిల్లీగ్రాములు కావు, విచలనాల లెక్కలోని దూరాలు. అందువల్ల ఒక చెట్టులోని ఎత్తును వేరే నమూనాల నుంచి వచ్చిన మరొక చెట్టులోని ఎత్తుతో పోల్చకూడదు.

చదవడంలో ఎక్కువ మంది పొరబడే చోటు ఎడమ కుడి వరుస. పై ఆదేశంతో వచ్చే బొమ్మలో అడుగున బోర్లు ఎడమ నుంచి 8, 6, 7, 2, 1, 3, 4, 5 అనే క్రమంలో నిలుస్తాయి. 7, 2 పక్కపక్కనే ఉన్నాయి కదా అని అవి ఒకేరకం నీళ్లు అనుకుంటే పూర్తిగా తప్పు, ఎందుకంటే వాటి దూరం 2.28. ఇంకా చిత్రమైన విషయం ఏమిటంటే 8, 5 బోర్లు బొమ్మలో రెండు అంచుల్లో ఉన్నాయి, అయినా 8కి మొత్తం బోర్లలో అన్నింటికంటే దగ్గరిది 5వ బోరే, వాటి దూరం 1.35 మాత్రమే. 8 పక్కన గీసిన 6 దానికి 3.03 దూరంలో ఉంది. ప్రతి కలయిక దగ్గరా ఎడమ కొమ్మను కుడికి, కుడి కొమ్మను ఎడమకు తిప్పినా చెట్టు మారదు కాబట్టి ఏడు కలయికలున్న ఈ ఒక్క చెట్టునే 128 రకాలుగా గీయవచ్చు. ఏ రెండు బోర్ల సంబంధం తెలుసుకోవాలన్నా రెండింటి నుంచీ వేళ్లను పైకి జరుపుతూ అవి కలిసే అడ్డగీత ఎత్తును చూడండి, పక్కన ఎవరున్నారో చూడకండి.

అయితే ఆ ఎత్తును కూడా ఆ రెండు బోర్ల అసలు దూరంగా భావించకూడదు. 8, 5 అసలు దూరం 1.35 అయితే చెట్టులో అవి కలిసేది 2.52 దగ్గర. దీనికి కారణాన్ని లెక్క నుంచే గ్రహించవచ్చు. 8కి 4, 5 గుంపుతో సగటు దూరం 1.48. ఆ 4, 5 గుంపుకు చెరువు కింది గుంపుతో సగటు దూరం 1.39. తక్కువ దూరానికే ముందు అవకాశం కాబట్టి 4, 5 వెళ్లి చెరువు బోర్లతో కలిసిపోయాయి. ఒకసారి కలిసిన గుంపును ఈ పద్ధతి మళ్లీ విడదీయదు. ఆ తరువాత 8 పోల్చుకోవలసింది 4, 5తో కాదు, ఐదు బోర్ల పెద్ద గుంపుతో. అందువల్ల అది దూరమైపోయింది. 1.39, 1.48 అనే రెండు అంకెల మధ్య ఉన్న కొద్దిపాటి తేడా పై భాగంలో చెట్టు రూపాన్నంతా నిర్ణయించిందన్న మాట. ఇలాంటి చోటు మీ చెట్టులో ఉందేమో తప్పక వెతకండి.

ఇప్పుడు కోయడం. ఒక ఎత్తు దగ్గర అడ్డంగా గీత గీస్తే ఆ గీత ఎన్ని నిలువు గీతలను తాకుతుందో అన్ని గుంపులు వస్తాయి. ఆ ఎత్తును ఎంచుకోవడానికి కలయికల మధ్య ఖాళీలను చూడాలి. 0.34 నుంచి 1.39 వరకు ఏ కలయికా లేదు, ఆ ఖాళీ 1.05. ఈ మధ్యలో ఎక్కడ కోసినా నాలుగు గుంపులే వస్తాయి: చెరువు కింది మూడు, చెలకల్లో రెండు, చేతిపంపులు రెండు, ఒంటరిగా 8. తరువాతి ఖాళీ 1.39 నుంచి 2.29 వరకు, అంటే 0.90. అక్కడ కోస్తే మూడు గుంపులు. దాని పైన 2.29 నుంచి 2.52 వరకు 0.23 మాత్రమే. అక్కడ కోస్తే రెండు గుంపులు వస్తాయి గానీ ఒక దానిలో 8వ బోరు ఒక్కటే, రెండో దానిలో మిగిలిన ఏడూ ఉంటాయి. ముందుగానే ‘రెండు గుంపులు చేద్దాం’ అని నిశ్చయించుకుని వచ్చినవారికి దక్కేది అదే.

పొడవైన ఖాళీ ఎందుకు నమ్మదగినదంటే, దాని లోపల గీత కొంచెం పైకి జరిగినా కిందికి జరిగినా గుంపులు మారవు. కొలతల్లో చిన్న చిన్న పొరపాట్లను అది తట్టుకుంటుంది. కానీ 1.05, 0.90 అనేవి ఒకదానికొకటి అంత దూరమైన అంకెలు కావు. పెద్దది కాబట్టి మొదటిదే సరైనదని అక్కడితో ఆగిపోవడాన్ని నేను ఒప్పుకోను. రెండు కోతలనూ అసలు కొలతల్లోకి తిరిగి తెచ్చి చూడాలి.

```r
k4 <- cutree(h, k = 4)
aggregate(neeru, list(gumpu = k4), mean)
```

నాలుగు గుంపుల కోతలో చెరువు కింది బోర్ల ఫ్లోరైడ్ సగటు 0.97, చెలక జంటకు 3.4, చేతిపంపులకు 1.75, 8వ బోరుకు 6.0. నైట్రేట్ వరుసగా 16, 21, 85.5, 27. ఒక్కో గుంపుకు ఒక్కో కథ ఉంది. అదే `k = 3` అని పెట్టి చూడండి. మొదటి ఐదు బోర్లు ఒకే గుంపు, ఫ్లోరైడ్ సగటు 1.94. కానీ ఆ ఐదింటిలో ఏ బోరులోనూ 1.94కు దగ్గరైన నీరు లేదు. మూడింటిలో 1.1కు మించలేదు, రెండింటిలో 3 దాటింది. తాగునీటి భారతీయ ప్రమాణంలో ఫ్లోరైడ్ ఆమోదనీయ పరిమితి 1.0, వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించే గరిష్ఠ పరిమితి 1.5. ఆ గీతకు రెండు పక్కలా ఉన్న బోర్లను ఒకే గుంపులో వేసి దానికి ఒక సగటును అంటగట్టడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు. ఈ నియమంతో గీసిన చెట్టులో మూడు గుంపుల కోతను కాదనడానికి ఈ ఒక్క కారణం చాలు. ఇక్కడే మరో జాగ్రత్త కూడా చెప్పాలి. క్లస్టరింగ్‌కు 1.5 అనే పరిమితి గానీ, నైట్రేట్‌కు ఉన్న 45 అనే పరిమితి గానీ తెలియవు. 1.4 ఉన్న బోరూ 1.6 ఉన్న బోరూ సులువుగా ఒకే గుంపులో పడవచ్చు. కాబట్టి గుంపు పేరును చూసి నీరు తాగవచ్చని ఎవరికీ చెప్పకండి. అందుకు ఆ బోరు కొలతనే చూడాలి.

తరువాతి పని, గుంపుల దూరాన్ని కొలిచే నియమాన్ని మార్చి చూడడం. నీటి రసాయన అధ్యయనాల్లో ఎక్కువగా వాడే వార్డ్ నియమాన్ని తీసుకుందాం. ఇది రెండు గుంపులను కలిపితే లోపలి చెదురు ఎంత పెరుగుతుందో లెక్కించి, తక్కువ పెరిగే కలయికను ముందుగా చేస్తుంది.

```r
w <- hclust(d, method = "ward.D2")
round(w$height, 2)
```

ఈసారి ఎత్తులు 0.19, 0.28, 0.30, 0.34, 1.70, 3.24, 3.78 అని వస్తాయి. కింది నాలుగు కలయికలు అవే. పైన మాత్రం కథ మారింది. 1.70 దగ్గర 8వ బోరు వెళ్లి 4, 5తో కలిసింది. ఆ తరువాతే చెరువు గుంపు వాటితో చేరింది. అన్నింటికంటే పొడవైన ఖాళీ ఇప్పుడు 1.70 నుంచి 3.24 వరకు, అంటే సుమారు ఒకటిన్నర. అక్కడ కోస్తే చెరువు కింది నీరు, ఫ్లోరైడ్ నీరు, మురుగు కలిసిన నీరు అని మూడు గుంపులు వస్తాయి. ఇవి మొదటి చెట్టులోని మూడు గుంపులు కావని గమనించండి. గుంపుల సంఖ్య ఒకటే, బోర్ల పంపకం వేరు. నివేదికలో ‘మూడు గుంపులు వచ్చాయి’ అని మాత్రమే రాసి నియమం పేరు రాయకపోతే చదివేవారికి దేని గురించి చెబుతున్నారో తెలిసే మార్గం ఉండదు. నాలుగు గుంపుల కోత మాత్రం రెండు చెట్లలోనూ ఒకే విధంగా వచ్చింది. ఏ నియమంతోనైనా మారకుండా నిలిచిన ఈ కోతకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

అంటే తగవంతా 8వ బోరు గురించే. ఒంటరి కొమ్మ ఉన్నప్పుడు దాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టి, మొదటి నుంచి, అంటే `scale` నుంచి, మళ్లీ చేయండి. ఎందుకు మొదటి నుంచి అంటే 6.0 అనే ఒక్క విలువే ఫ్లోరైడ్ విచలనాన్ని ఉబ్బిస్తోంది. దాన్ని తీసేస్తే విచలనం 1.78 నుంచి సుమారు 1.11కి తగ్గుతుంది. విచలనం పెద్దదైనప్పుడు మిగిలిన బోర్ల ఫ్లోరైడ్ తేడాలన్నీ చిన్నవిగా కనిపిస్తాయి. 4, 5 బోర్లు చెరువు బోర్లకు అంత త్వరగా దగ్గరయ్యాయంటే అందులో దీని పాత్ర కూడా ఉంది.

```r
h7 <- hclust(dist(scale(neeru[-8, ])), "average")
round(h7$height, 2)
```

ఏడు బోర్ల చెట్టులో కింది కలయికలు 0.40 దగ్గరే ముగిసిపోతాయి. తరువాతి కలయిక 2.21 దగ్గర, చివరిది 2.31 దగ్గర. మధ్యలో 1.8 ఖాళీ. ఇంత స్పష్టమైన చోట సందేహానికి తావు లేదు, మూడు గుంపులు: చెరువు కింది మూడు, చెలకల్లో రెండు, చేతిపంపులు రెండు. మొదటి చెట్టులో రెండు ఖాళీలు పోటీ పడడానికి కారణం ఒక్క బోరేనని దీనితో తేలింది. అలాగని దాన్ని పట్టిక నుంచి శాశ్వతంగా తొలగించకండి. ముందు ఆ నమూనాను మళ్లీ పరీక్ష చేయించండి. రెండోసారి కూడా అంతే వస్తే అది పొరపాటు కాదు, ఆ బోరు నిజమైన సమాచారమే.

ఇక చివరి నిర్ణయం మీ అవసరాన్ని బట్టి ఉంటుంది. నీటిలో ఈ పదార్థాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చెప్పడం మీ ఉద్దేశమైతే 8వ బోరును 4, 5తో కలిపి, వార్డ్ చెట్టు నుంచి మూడు గుంపులు తీసుకోవచ్చు, ఎందుకంటే ఆ మూడు బోర్లలోనూ ఫ్లోరైడ్‌కు మూలం రాయే. అలా కాక నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి బోర్లను విభజిస్తున్నారనుకోండి, అప్పుడు నాలుగు గుంపులే సరైనవి. ఆ పద్ధతిలో వేయవలసిన పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడ్‌నూ క్షారతనూ బట్టి మారుతుంది. 3.4కు చాలిన మోతాదు 6.0కు చాలదు.

మీ సొంత సమాచారంలో ఇలాంటి ఖాళీ ఎక్కడా కనిపించకపోవచ్చు. ఎత్తులు 0.3, 0.5, 0.7, 0.9 అంటూ మెట్టు మెట్టుగా పెరుగుతూ పోతే అక్కడ విడి గుంపులు లేవు, నీటి గుణం ఒక చోటి నుంచి మరో చోటికి క్రమంగా మారుతోంది. ఎగువ చెలకల నుంచి దిగువ చెరువు దాకా వరుసగా తీసిన నమూనాల్లో ఇలా జరగడం సహజం. ఏ అంకెలు ఇచ్చినా, చివరకు చీట్లు తీసి రాసిన అంకెలు ఇచ్చినా, ప్రోగ్రాం ఒక చెట్టును గీస్తుంది. కాబట్టి చెట్టు వచ్చింది అన్నది గుంపులున్నాయి అనడానికి సాక్ష్యం కాదు. అలాంటప్పుడు బలవంతంగా కోయకుండా, గుంపులు స్పష్టంగా లేవనే నివేదికలో రాయండి. ఎండాకాలం నమూనాలను, వానల తరువాతి నమూనాలను ఒకే పట్టికలో కలపడం వల్ల కూడా ఖాళీలు చెరిగిపోతాయి. కొత్త నీరు చేరిన తరువాత అదే బోరు వేరే కొమ్మ మీదికి వెళ్లవచ్చు. రెండు కాలాలకు రెండు చెట్లు గీయడం మంచిది.

నివేదికలో బొమ్మ కింద ఈ వివరాలు తప్పక ఉండాలి: కొలతలను ఏ విధంగా ఒకే మెట్టుకు తెచ్చారు, గుంపుల దూరానికి ఏ నియమం వాడారు, ఏ ఎత్తులో కోశారు, ఆ ఎత్తుకు కిందా పైనా ఉన్న కలయికలు ఏ ఎత్తుల్లో ఉన్నాయి, నియమం మార్చినప్పుడు ఏ బోర్లు గుంపు మారాయి. మన ఉదాహరణకైతే సగటు నియమం, కోత ఎత్తు 0.9, దానికి కింద 0.34, పైన 1.39, వార్డ్ నియమంతో నాలుగు గుంపులుగా కోసినా ఏ బోరూ గుంపు మారలేదు అని రాస్తే సరిపోతుంది.